పిల్లల ప్రింట్లకు ఇంక్ ట్యాంకా, లేజరా?

"హనుమకొండలో ఉంటాం. ఇద్దరు పిల్లలకు కలిపి నెలకు 300 పేజీల దాకా ప్రింట్లు, అందులో ప్రాజెక్టుల కలర్ బొమ్మలూ ఉంటాయి. ఏది కొనాలి?"

కలర్ కావాలంటున్నారు కాబట్టి ఇంక్ ట్యాంకే తీసుకోండి. చిన్న లేజర్లు ఎక్కువగా నలుపు మాత్రమే ఇస్తాయి, కలర్ లేజర్‌కు నాలుగు టోనర్లు కొనాలి. ఇంక్ ట్యాంక్‌లో ఒక నల్ల సీసా మామూలుగా 4,000 పేజీలకు పైనే వస్తుంది. అంటే మీకు ఏడాది దాటుతుంది.

దీని అసలు శత్రువు మన ఎండాకాలం. సెలవులకు మేం ఊరెళ్లి నెలన్నర తర్వాత వచ్చాం. జూన్‌లో మొదటి వర్క్‌షీట్ తీస్తే అక్షరాల మధ్య తెల్లటి గీతలు! హెడ్‌లోని సన్నటి రంధ్రాల్లో ఇంక్ ఎండిపోయింది. ఇలా అయితే ముందు నాజిల్ చెక్ పేజీ తీయండి. గీతలు తెగి కనిపిస్తే హెడ్ క్లీనింగ్ ఒకటి రెండుసార్లు చేసి, కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడండి. వరుసగా పదిసార్లు నొక్కితే ఇంకే వృథా. అది లోపలి వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, ప్యాడ్ నిండితే ప్రింటర్ ఆగిపోతుంది. వారానికో కలర్ పేజీ తీస్తే ఈ టెన్షన్ ఉండదు. ఊరెళ్తే స్విచ్ బోర్డు దగ్గర కాకుండా ప్రింటర్ బటన్‌తోనే ఆపండి, అప్పుడే హెడ్‌కు మూత పడుతుంది.

నలుపు ఒక్కటే చాలనుకుంటే మాత్రం లేజర్. టోనర్ పొడి కదా, నెలలు వదిలేసినా ఎండదు. కానీ కాగితాన్ని వేడిచేసే ఫ్యూజర్ ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద నడపొద్దు.