టైమర్ ఉన్న పని, టైమర్ లేని పని

ప్రశ్న: మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి మంచంలోనే ఉన్నారు. ముక్కు పైపుతో ఆహారం. టీచరు ఉద్యోగం మానేసి నేనే చూసుకుంటున్నాను. మావారిది ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం. మధ్యమధ్యలో దొరికే అరగంటల్లో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చిన్న చిన్న టాస్కులు చేస్తే గంటకు 120 రూపాయలు వస్తాయంటున్నారు. ఇంకొకరు డేటా ఎంట్రీ పనికి 2,500 రిజిస్ట్రేషన్ కట్టమన్నారు. వచ్చే డబ్బుతో చీటీ వేద్దామనుకుంటున్నాను. సలహా ఇవ్వండి. - ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందుగా ఆ 2,500 కట్టకండి. పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు. ఈ డేటా ఎంట్రీ మోసంలో ఫీజు ఒక్కటే కాదు, ఇంకో మెలిక కూడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఒక అగ్రిమెంటు మీద సంతకం పెట్టిస్తారు. వారంలో ఇన్ని వందల ఫారాలు, 90 శాతం తప్పుల్లేకుండా ఇవ్వాలని అందులో ఉంటుంది. మీరు ఎంత బాగా చేసినా తప్పులున్నాయంటారు. తర్వాత లాయరు నోటీసు పేరుతో ఫోన్లు చేసి, పెనాల్టీ కట్టకపోతే కేసు వేస్తామని బెదిరిస్తారు. అలాంటి ఫోన్ వస్తే రూపాయి కూడా పంపకుండా 1930కి చెప్పండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి.

ఇక అసలు సంగతికి వద్దాం. గంటకు 120 అన్న లెక్క మధ్యలో లేవకుండా కూర్చునేవాళ్లకు సరిపోతుంది. మీ రోజు అలా ఉండదు. పైపులో ఆహారం పోశాక కనీసం అరగంట తల వైపు ఎత్తి ఉంచి కనిపెట్టుకోవాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మధ్యలో దగ్గు, బట్టలు మార్చడం, ఫిజియోథెరపీ ఉండనే ఉంటాయి. కాబట్టి టాస్కు రేటు ఎంత అన్నది తర్వాత చూడొచ్చు. సగంలో లేస్తే ఆ పని ఏమవుతుంది అన్నది ముందు చూడాలి.

చాలా టాస్కు సైట్లలో పని తీసుకోగానే గడియారం మొదలవుతుంది. గడువు దాటితే ఆ బ్యాచ్ పోతుంది, అప్పటిదాకా చేసినదానికీ డబ్బు రాదు. కొన్ని చోట్ల అలా వదిలేసినవి మీ రికార్డులోకి ఎక్కి, తర్వాత మంచి పనులు రావడం తగ్గుతుంది. దీన్ని ఒక ఊహా లెక్కతో చూద్దాం. 30 వాక్యాలు సరిచూస్తే 60 రూపాయలు, గడువు 40 నిమిషాలు అనుకోండి. రోజుకు నాలుగు బ్యాచ్‌లు మొదలుపెట్టారు. మూడు పూర్తయ్యాయి, ఒక్కోటీ 30 నిమిషాలు. నాలుగోది 20 నిమిషాలయ్యాక అత్తయ్యగారికి దగ్గు వచ్చి లేచారు, అది పోయింది. పూర్తయిన మూడింటిలో ఒకటి తప్పులున్నాయని రిజెక్ట్ అయింది. పని కోసం వెతుక్కుంటూ మరో 40 నిమిషాలు గడిచాయి. మొత్తం రెండున్నర గంటలు కూర్చుంటే చేతికి వచ్చింది 120. అంటే గంటకు 48 రూపాయలు.

అదే వాక్యాల పని గడువు లేకుండా, ఒక్కో వాక్యం సేవ్ అవుతూ, వాక్యానికి రూపాయి చొప్పున ఇచ్చేచోట దొరికిందనుకోండి. చూడ్డానికి సగం రేటే. అదే రెండున్నర గంటల్లో, లేచి వచ్చిన ప్రతిసారీ ఎక్కడ ఆపామో చూసుకోవడానికి మొత్తం 15 నిమిషాలు తీసేసినా, నిమిషానికొకటి చొప్పున 135 వాక్యాలవుతాయి. పది రిజెక్ట్ అయినా 125 మిగులుతాయి. సగం రేటు పనిలోనే ఐదు రూపాయలు ఎక్కువ, టెన్షన్ మాత్రం లేదు. ఇంట్లో రోగి ఉన్నప్పుడు గడియారం చూస్తూ పని చేస్తే, దగ్గు వినపడినా ‘ఇంకో రెండు వాక్యాలే కదా’ అనిపిస్తుంది. నన్నడిగితే టైమర్ పనులు వద్దనడానికి డబ్బు కంటే ఇదే పెద్ద కారణం.

ఏ సైటులో చేరినా ముందు ఒక వారం ఒక కాగితం మీద కూర్చున్న నిమిషాలు, చేతికొచ్చిన రూపాయలు రాయండి. ట్రైనింగ్ టెస్టుకు పట్టిన సమయం కూడా కలపండి, దానికి చాలామంది డబ్బివ్వరు. ‘వాలెట్‌లో’ కనిపించేది కాదు, బ్యాంకులో పడిందే రాయండి. ఇంత మొత్తం చేరేవరకూ డబ్బు తీసుకోనివ్వని సైట్లున్నాయి. విదేశీ సైట్లయితే డాలర్లు రూపాయలయ్యేటప్పుడు కొంత కోత పడుతుంది. గొంతు రికార్డు చేసే పనులకు రేటు బాగానే చెబుతారు గానీ, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ గానీ ఎయిర్ బెడ్ మోటారు గానీ నడుస్తుంటే ఆ చప్పుడుకే రిజెక్ట్ చేస్తారు. ఆడియో విని టైపు చేసే పని కూడా మీకు నప్పదు. చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మంచం వైపు శబ్దం వినపడదు.

మీరు టీచరు కాబట్టి ఇంకో దారి ఉంది. నేనైతే దాన్నే ముందు ప్రయత్నిస్తాను. మీ చుట్టుపక్కల ట్యూషన్ సెంటర్లకు, ప్రైవేటు స్కూళ్లకు తెలుగు ప్రశ్నపత్రాలు టైపు చేసే మనిషి కావాలి. పేజీకి ఇంత అని మాట్లాడుకుంటారు. ‘రేపు పదికల్లా ఇవ్వండి’ అంటారు గానీ నలభై నిమిషాల గడువు పెట్టరు. మధ్యలో పదిసార్లు లేచినా ఫైలు ఎక్కడికీ పోదు. మాట్లాడుకునేటప్పుడు ఒక్కటి అడగండి, వాళ్లకు ఫోన్‌లో మామూలుగా టైపు చేసే యూనికోడ్ తెలుగు సరిపోతుందా, డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లే కావాలా అని. ప్రెస్‌కు వెళ్లే పేపర్లయితే తరచుగా అను ఫాంట్లే అడుగుతారు. అది నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. మొదటి నెల ఒకే సెంటరుతో పెట్టుకోండి. అత్తయ్యగారికి జ్వరం వచ్చి ఆలస్యమైతే సర్దిచెప్పడానికి ఒక్కరే ఉండాలి. సూది పని వచ్చినవాళ్లకు చీరలకు ఫాల్ కుట్టడం కూడా ఇలాంటిదే, ఎక్కడైనా ఆపొచ్చు.

ఈ టాస్కుల కంటే పెద్ద మొత్తం ఒకటి మీకు రావాల్సి ఉందేమో చూడండి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు. దీనికి వైద్య ధ్రువీకరణ ఉండాలి, కుటుంబ ఆదాయం, కరెంటు వాడకం వంటి షరతులు కూడా ఉన్నాయి. మీకు రైస్ కార్డు ఉందో లేదో రాయలేదు. ఉంటే మీ వార్డు సచివాలయానికి వెళ్లి, కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో, ఏ కాగితాలు కావాలో కనుక్కోండి. పైన ఊహా లెక్కలో వచ్చిన గంటకు 48 రూపాయలతో 15,000 సంపాదించాలంటే నెలకు మూడొందల గంటలకు పైగా కూర్చోవాలి.

పన్ను గురించి కంగారు పడకండి, ఈ స్థాయి ఆదాయానికి పన్ను ఉండదు. కంపెనీ ఏదైనా టీడీఎస్ కోసినా రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే మాత్రం ఎక్కువ కోస్తారు. డబ్బు మీ ఖాతాలోకే రానివ్వండి. ‘మీ ఖాతాలో మా డబ్బు వేస్తాం, మీరు వేరేవాళ్లకు పంపండి, కమిషన్ ఇస్తాం’ అన్న టాస్కు వస్తే దాన్ని ముట్టుకోవద్దు. అది మోసపోయినవాళ్ల డబ్బే అయితే మీ ఖాతా స్తంభిస్తుంది.

చీటీ మాత్రం ఇప్పుడు వద్దు. చీటీకి ప్రతి నెలా తేదీకి కట్టాలి, ఈ ఆదాయానికి తేదీ లేదు. అత్తయ్యగారు ఒక వారం ఆసుపత్రిలో ఉంటే ఆ నెల మీకు వచ్చేది సున్నా. డైపర్లు, ఫీడింగ్ పౌడరు ఖర్చు ఈ డబ్బులోంచి పెట్టండి, మీవారి జీతంలో ఆ మేరకు మిగిలింది సేవింగ్స్ ఖాతాలో ఉండనివ్వండి అని ఇంట్లో మాట్లాడుకోండి. ఆరు నెలలు వరుసగా ఎంత వచ్చిందో చూసి, అందులో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను బట్టి చీటీ ఎంతో తేల్చుకోవచ్చు.