టెండర్ దక్కనివాళ్ళకి ఎలా చెప్పాలి? మా పెయింటింగ్ టెండర్ లో జరిగింది

ప్రశ్న: బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కి కొత్తగా ట్రెజరర్ అయ్యాను. మురుగునీరు శుద్ధి చేసే ఎస్‌టీపీ మెయింటెనెన్స్ కి కొటేషన్లు పిలిచి ఒకరిని ఖాయం చేశాం. మిగతావాళ్ళలో ఒకాయన రెండుసార్లు వచ్చి సైట్ అంతా చూసి శ్రద్ధగా కొటేషన్ ఇచ్చాడు, మనిషి మంచోడు, ముందు ముందు ఆయన్ని మళ్ళీ పిలవాలని ఉంది. నొప్పించకుండా ఎలా చెప్పాలి, కారణాలు ఎంతవరకు చెప్పొచ్చు?

జవాబు:

నేను మారతహళ్ళి వైపు ఒక అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నానండి, అంతకుముందు ఒక ఫ్యాక్టరీ పర్చేజ్ లో చేశాను కాబట్టి ఈ ఫోన్లు చాలానే చేశాను. ముందు ఒక్క మాట, "మీ రేటు ఎక్కువైంది సార్" అని మాత్రం చెప్పకండి, అది నిజమైతే తప్ప. అందరూ అదే చెప్తారు ఎందుకంటే సులభం, అవతలి మనిషి కూడా ఎదురు మాట్లాడడు. కానీ దాని ఫలితం తర్వాతి టెండర్ లో కనిపిస్తుంది. మా పాత కమిటీలో ఒకాయన వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్ కి అలాగే చెప్పి పంపేశాడు, అసలు కారణం ఏంటంటే అతని వారంటీ కాగితం మీద సంతకమే లేదు. మరుసటి ఏడాది అతను రేటు బాగా తగ్గించుకుని వచ్చాడు, ఎలా తగ్గిందా అని చూస్తే రెండు పూతలు వేయాల్సిన చోట ఒక్క పూతే రాశాడు. వారంటీ మాత్రం మళ్ళీ సంతకం లేకుండానే ఉంది! పాపం అతని తప్పేముంది, మనం చెప్పిందే దిద్దుకున్నాడు.

ఇక మా పెయింటింగ్ టెండర్ సంగతి. బయటి గోడలకి ప్రెషర్ వాష్, పగుళ్ళు పూడ్చడం, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఎమల్షన్, ఇదీ పని. కాగితంలో ముందే రాశాం, రేటుకి 60 మార్కులు, టెక్నికల్ కి 40 అని. అందరికంటే తక్కువ కోట్ చేసింది మన చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక కాంట్రాక్టర్, చదరపు అడుగుకి 21 రూపాయలు, కాబట్టి రేటులో ఆయనకి 60కి 60. పని దక్కినవాళ్ళది 23, అంటే 21ని 23తో భాగించి 60తో గుణిస్తే 54.8. కానీ టెక్నికల్ లో మనవాడికి 19 వచ్చాయి, వాళ్ళకి 34. మొత్తం 79 ఇటు, 88.8 అటు. అందరికంటే తక్కువ రేటు వేసినోడికి పని రాలేదు, ఈ సంగతి ఆయనకి ఎలాగూ తెలుస్తుంది (ఈ ఊర్లో పెయింట్ షాపు దగ్గర తెలియని రేటు ఉండదు), అప్పుడు మనం ఇంకేదో కారణం చెప్పామనుకోండి, లోపల ఏదో కమీషన్ నడిచిందనే అనుకుంటాడు.

అందుకని పోయిన మార్కులు ఎక్కడ పోయాయో అదే చెప్పాను. పెద్దవి రెండే. ఒకటి, బిల్డింగ్ పైనుంచి తాడు మీద వేలాడి రంగు వేసే కుర్రాళ్ళకి ఇన్సూరెన్స్ చూపించలేదు. ఆయన దగ్గర తక్కువమందే ఉన్నారు కాబట్టి ఈఎస్ఐ లేదు, సరే, అలాంటప్పుడు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ పెట్టాలి కదా, అదీ లేదు. పడిపోతే పట్టుకునే రెండో తాడు, అంటే లైఫ్‌లైన్, విడిగా కడతారా లేదా అన్నది కూడా రాయలేదు. రెండోది, చూపించిన పాత పనులన్నీ ఇండిపెండెంట్ ఇళ్ళవే, ఎత్తు బిల్డింగ్ చేసినట్టు ఒక్క కంప్లీషన్ సర్టిఫికెట్ లేదు.

ముందు ఫోన్ చేసి, అదే రోజు సాయంత్రంలోపు మెయిల్ పెట్టండి. ఉత్త మెయిల్ చూస్తే మనసు కష్టపెట్టుకుంటారు, ఉత్త ఫోన్ అయితే రేపు ఎవరేం అన్నారో గుర్తుండదు. ఫోన్ లో నేను ఇలా అన్నాను, "అన్నా, ఈసారి పెయింటింగ్ వేరేవాళ్ళకి ఇచ్చాం. రేటు వల్ల కాదు, రేటులో మీకే ఫుల్ మార్కులు. తాడు పనికి ఇన్సూరెన్స్, ఎత్తు బిల్డింగ్ అనుభవం, ఈ రెండు చోట్ల మార్కులు పోయాయి." ఆయన కాసేపు ఊరుకుని, "పాలసీ కావాలంటే వారంలో తీసుకునేవాణ్ణి కదా సార్, ఒక్క మాట చెప్పుంటే" అన్నాడు. ఇక్కడే చాలామంది జారిపోతారు, "అయ్యో చూద్దాం లెండి" అనేస్తారు, దాంతో ఇంకా ఏదో దారి ఉందనుకుని అవతలివాళ్ళు రోజూ ఫోన్ చేస్తూనే ఉంటారు. నేను "చివరి తేదీ అయ్యాక ఒక్కరి దగ్గర కాగితం తీసుకుంటే మిగతా అందరికీ అన్యాయం అన్నా, నిర్ణయం అయిపోయింది" అని ఆపేశాను.

మెయిల్ ఇంగ్లీష్ లోనే పంపాం, అందులో సారం ఇది:

"మా బయటి గోడల పెయింటింగ్ టెండర్ లో పాల్గొని, సైట్ చూసి, వివరంగా కొటేషన్ ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఈసారి మీ బిడ్ ఎంపిక కాలేదు. రేటులో మీకు 60కి 60, టెక్నికల్ లో 40కి 19 వచ్చాయి. తాడు పని చేసేవారి ఇన్సూరెన్స్, లైఫ్‌లైన్ ఏర్పాటు, ఎత్తు భవనాల పాత పని పత్రాలు లేకపోవడం వల్ల మార్కులు తగ్గాయి. పగుళ్ళు పూడ్చే పద్ధతి మీరు రాసినంత స్పష్టంగా ఇంకెవరూ రాయలేదు. టెండర్ తో మీరు కట్టిన డిపాజిట్, అంటే ఈఎమ్‌డీ, 50,000 రూపాయలు ఈరోజు మీ ఖాతాకి పంపాం, యూటీఆర్ నంబర్ కింద ఉంది. స్టిల్ట్ పార్కింగ్, కాంపౌండ్ గోడ పెయింటింగ్ కి త్వరలో విడిగా కొటేషన్లు పిలుస్తాం, అందులో తాడు పని ఉండదు. మీకు కూడా పంపుతాం."

ఇందులో చూడండి, గెలిచినవాళ్ళ రేటు గానీ మార్కులు గానీ లేవు. ప్రైవేట్ టెండర్ లో అది మనం చెప్పకూడదు, అడిగితే "మీ కాగితం గురించి ఎంతైనా మాట్లాడతాను, వాళ్ళది చెప్పలేను" అనండి చాలు. టెండర్ కాగితంలో లేని కారణం కూడా రాయకండి, మీటింగ్ మినిట్స్ లో ఏముందో మెయిల్ లోనూ అదే ఉండాలి. గవర్నమెంట్ ఆఫీసు టెండర్ల లెక్క వేరు, అక్కడ రేట్లు బిడ్డర్ల ముందే తెరుస్తారు, కేంద్ర ప్రభుత్వ 2017 ఆర్థిక నియమాల ప్రకారం అడిగితే తిరస్కరణకి కారణం చెప్పాల్సిందే, కర్ణాటకలో 1999 పారదర్శకత చట్టం కింద అప్పీల్ కూడా ఉంది. అసోసియేషన్ కి అవి వర్తించవు గానీ కారణం చెప్పే అలవాటు మంచిదే.

మళ్ళీ పిలుస్తాం అన్న మాట దగ్గర జాగ్రత్త. "నెక్స్ట్ టైమ్ మీకే" అంటే అది మాట ఇచ్చినట్టే, ఏ పని ఎప్పుడు రాబోతోందో చెప్పండి చాలు. మీకు ఎస్‌టీపీ కాబట్టి వచ్చే ఏడాది ఏఎంసీ రెన్యూవల్ నెల చెప్పొచ్చు, లేదా బ్లోయర్ సర్వీసింగ్ లాంటి చిన్న పని విడిగా ఉంటే అది చెప్పొచ్చు. ఏమీ లేకపోతే ఆ వాక్యమే వద్దు.

ఇంకొకటి, మీరు ఖాయం చేసినాయన వర్క్ ఆర్డర్ మీద సంతకం పెట్టాడా? పెట్టకపోతే రెండో స్థానంలో ఉన్నాయనకి ఇప్పుడే కాదని చెప్పకండి, చివర్లో వీళ్ళు చెయ్యి ఎత్తేస్తే మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి. "ఇంకా ప్రాసెస్ లో ఉంది, ఫలానా తేదీకి చెప్తాం, అప్పటిదాకా మీ రేటు అలాగే ఉంచండి" అనండి, ఆ తేదీ ఆయన కొటేషన్ గడువు లోపలే ఉండాలి. మూడు, నాలుగు స్థానాల వాళ్ళని మాత్రం ఆపొద్దు, వాళ్ళ ఈఎమ్‌డీ ముందే తిరిగిచ్చేయండి.

మా చిత్తూరు కాంట్రాక్టర్ స్టిల్ట్ పనికి కొటేషన్ పంపాడు, తాడు పని లేకపోయినా పాలసీ కాపీ జత చేసి మరీ. రేటు అదే 21, ఒక్క రూపాయి తగ్గించలేదు.