పడింది ధరా, విలువా?

సందేహం: షేర్ల గురించి తెలుగులో చదువుతుంటే ఒకచోట ‘షేరు విలువ పడిపోయింది’ అని, ఇంకోచోట ‘విలువ కంటే తక్కువ ధరకు దొరుకుతోంది’ అని కనిపిస్తోంది. ఈ రెండు మాటలూ ఒకటేనా? ‘మార్జిన్ ఆఫ్ సేఫ్టీ’ని తెలుగులో ఏమనాలి? దాన్ని ఎలా లెక్కిస్తారు?

సమాధానం: మీ తికమకకు భాషలోనే కారణం ఉంది. పాత తెలుగులో ‘విలుచు’ అంటే కొనడం. దాని తోబుట్టువైన ‘విలువ’కు వెల అన్న అర్థమే మొదట ఉండేది. ఇవాళ్టికీ ‘దీని విలువ ఎంత?’ అని అడిగితే వెల చెబుతాం. మామూలు మాటల్లో ఇది తప్పు కాదు. పెట్టుబడి గురించి రాసేటప్పుడు మాత్రం రెండింటినీ విడదీయక తప్పదు. అమ్మేవాడు అడిగేది ధర. కొన్న వస్తువు మున్ముందు మనకు తెచ్చిపెట్టేది విలువ. కాబట్టి ఒక్కరోజులో షేరు 10 శాతం తగ్గితే ‘ధర పడింది’ అనే రాయాలి. విలువ కూడా పడిందో లేదో లెక్క వేస్తే గానీ తెలియదు.

ఆ లెక్క ఎలాగో చూద్దాం. సంతలో ఒక పాత తోపుడుబండి అమ్మకానికి ఉంది, ధర 120. అద్దెకిస్తే మరమ్మతులు పోను ఏడాదికి 30 మిగులుతుంది, ఐదేళ్లు నడుస్తుంది, చివర్లో తుక్కుకు వేస్తే 20 వస్తుంది. అన్నీ కూడితే 170. బేరం బాగుందనిపిస్తుంది గానీ, వచ్చే ఏడాది చేతికొచ్చే 30 ఈరోజు 30తో సమానం కాదు. మీకు ఏడాదికి 10 శాతం రాబడి కావాలనుకుంటే మొదటి ఏడాది అద్దెను 1.10తో ఒకసారి భాగించాలి, రెండో ఏడాది అద్దెను రెండుసార్లు, అలా ఐదో ఏడాది దాకా. మొదటి 30 ఈరోజు లెక్కలో 27 అవుతుంది, రెండోది దాదాపు 25. తుక్కు సొమ్మును కూడా ఐదుసార్లు భాగించి అన్నీ కూడితే 126 వస్తుంది. ఇదే బండి విలువ.

120కి కొనేయొచ్చా? తొందరపడొద్దు. 126 అనేది అంచనా. అద్దె 25కు తగ్గి, బండి నాలుగేళ్లకే మూలపడితే అదే లెక్కలో వచ్చేది 93. అప్పుడు 120 పెట్టినవాడు 27 ఎక్కువ ఇచ్చినట్టే. విలువలో మూడో వంతు తగ్గించి 84కు బేరమాడి కొన్నవాడు ఆ చెడ్డ లెక్కలోనూ నిలబడతాడు. 126కూ 84కూ మధ్య ఉన్న 42 మార్జిన్ ఆఫ్ సేఫ్టీ. ‘భద్రతా మార్జిన్’ అంటే అందరికీ అర్థమవుతుంది. నన్నడిగితే ‘భద్రతా ఎడం’ ఇంకా నయం, ఎందుకంటే రెండు అంకెల మధ్య దూరం అని ఆ మాటలోనే ఉంది.

శాతం చెప్పేటప్పుడు దేనిలో శాతమో చెప్పకపోతే వాక్యం అబద్ధమైపోతుంది. 42ను విలువ 126తో భాగిస్తే ఎడం 33 శాతం. అదే 42ను ధర 84తో భాగిస్తే 50 శాతం. ఎడాన్ని విలువ మీదే లెక్కించడం వాడుక. రెండోది ధర విలువను అందుకుంటే పెరిగే శాతం. దాన్ని భద్రత కింద చూపిస్తే చదివేవాళ్లు మోసపోతారు.

‘నిరుడు 200 ఉన్నది ఇప్పుడు 120కే వస్తోంది, ఎంత ఎడమో!’ అనడం ఇంకో పొరపాటు. అది పాత ధరకూ కొత్త ధరకూ మధ్య దూరం, విలువ అందులో లేనే లేదు. దీనికంటే కనిపెట్టడం కష్టమైనది ఒకటుంది. ముందు ధర చూసి, కొనాలని నిర్ణయించుకున్నాక అద్దెను 30 నుంచి 38కి పెంచి ఎడం పుట్టించడం. అద్దె, ఏళ్లు, కోరుకునే రాబడి ఈ మూడింటినీ ధర చూడకముందే తేదీ వేసి కాగితం మీద పెట్టుకోండి. తర్వాత ఏ అంకె మారినా, మార్చడానికి కొత్తగా తెలిసిన సంగతి ఏమిటో పక్కన రాయలేకపోతే ఆ ఎడం ఉత్తిదే.

షేరు దగ్గరికి వస్తే అద్దె స్థానంలో, కంపెనీ ఖర్చులూ పెట్టుబడులూ పోను వాటాదారులకు మిగిలే నగదు వస్తుంది. అది బండి అద్దెలా నిలకడగా ఉండదు కనుక అంచనా ఎంత వదులుగా ఉంటే ఎడం అంత ఎక్కువ కావాలి. అప్పుల్లో కూరుకున్న కంపెనీ విలువ ఏటా కరిగిపోతుంటే, కొన్ననాడు ఉన్న ఎడం కూడా దానితోపాటే కరుగుతుంది.

‘మార్జిన్’ అన్న మాట ఒక్కటే వాడొద్దని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. లాభాల మార్జిన్ అంటే అమ్మకాల్లో లాభం శాతం. ‘మార్జిన్‌లో కొన్నాను’ అంటే బ్రోకరు దగ్గర అప్పు తీసుకుని కొన్నానని. అలా కొన్నవాడికి ధర కాస్త పడగానే ఇంకా డబ్బు కట్టమని కబురొస్తుంది, కట్టకపోతే విలువ ఎంతున్నా షేర్లు అమ్మేస్తారు. ఈ మార్జిన్‌కు ముందు ‘భద్రతా’ అని పొరపాటున కూడా చేర్చకండి.