మధ్యగతం నాలుగైతే ‘సగం కుటుంబాలు’ అనవచ్చునా?

ప్రశ్న: మా పిల్లలతో ఊరిలోని 60 కుటుంబాల సభ్యులను లెక్కింపజేశాను. ఒక్కరే ఉన్నవి 2, ఇద్దరున్నవి 6, ముగ్గురున్నవి 11, నలుగురున్నవి 19, ఐదుగురున్నవి 13, ఆరుగురున్నవి 6, ఏడుగురున్నవి 3. మధ్యగతం 4 వచ్చింది. “సగం కుటుంబాలలో నలుగురిలోపు, తక్కిన సగంలో నలుగురికి పైగా ఉన్నారు” అని రాస్తే తప్పన్నారు. తప్పు లెక్కలో ఉన్నదా, తెలుగులో ఉన్నదా?
– ఒక ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

సమాధానం: లెక్క సరిగానే ఉన్నది. మీ వాక్యమే ఆ లెక్కలో లేని సంగతిని చెబుతున్నది.

సభ్యుల సంఖ్య పెరిగే క్రమంలో పౌనఃపున్యాలను కూడుకుంటూ పోతే సంచిత పౌనఃపున్యాలు వరుసగా 2, 8, 19, 38, 51, 57, 60 అవుతాయి. మొత్తం 60 సరిసంఖ్య కాబట్టి నడిమి స్థానాలు రెండు: 30వది, 31వది. ముగ్గురున్న కుటుంబాలు ముగిసేసరికి 19 మాత్రమే లెక్కకు వచ్చాయి. 20వ కుటుంబం మొదలుకొని 38వ కుటుంబం దాకా అన్నీ నలుగురున్నవే. మనకు కావలసిన రెండు స్థానాలూ ఆ గుంపులోనే పడ్డాయి కనుక మధ్యగతం 4. పట్టికలోని ఏడు వరుసలలో నడిమి వరుస కూడా నాలుగే కావడం కేవలం యాదృచ్ఛికం. దానిని చూసి పిల్లలు నడిమి వరుసే మధ్యగతమని అనుకొనే ప్రమాదం ఉన్నది. పన్నెండుమంది ఉన్న ఉమ్మడి కుటుంబం ఒకటి చేరితే వరుసలు ఎనిమిదవుతాయి, నడిమి వరుస అంటూ ఉండదు. మధ్యగతం మాత్రం నాలుగు దగ్గరే నిలుస్తుంది.

ఇక మీ వాక్యానికి వద్దాం. నలుగురి కంటె తక్కువమంది ఉన్న కుటుంబాలు 19, ఎక్కువమంది ఉన్నవి 22. రెండింటిలో ఏదీ 30 కాదు. సరిగ్గా నలుగురున్న 19 కుటుంబాలకు మీ వాక్యంలో చోటే లేకపోయింది. ధాన్యం బస్తాల తూకాన్ని గ్రాములతో సహా చూసినప్పుడు రెండు బస్తాలు సరిగ్గా ఒకే తూకం తూగడం అరుదు. అక్కడ ‘సగం ఇటు, సగం అటు’ అన్నా పెద్దగా తేడా రాదు. మనుషుల లెక్క పూర్ణసంఖ్యలలోనే సాగుతుంది కాబట్టి ఒకే విలువ దగ్గర పదుల కొద్దీ కుటుంబాలు పోగుపడతాయి, ఆ పోగులోనే మధ్యగతం కూడా ఉంటుంది. అందుచేత “కనీసం సగం కుటుంబాలలో సభ్యులు నలుగురికి మించలేదు, కనీసం సగం కుటుంబాలలో నలుగురికి తగ్గలేదు” అని రాయాలి. మించనివి 38, తగ్గనివి 41. రెండూ కలిపితే 79 కావడం దోషం కాదు. నలుగురున్న 19 కుటుంబాలు రెండు వైపులా లెక్కకు వచ్చాయి.

‘లోపు’ అనే మాటను ఇటువంటి చోట వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. “పదో తేదీలోపు కట్టండి” అంటే పదో తేదీని కలుపుకొంటాం. “పదేళ్లలోపు పిల్లలు” అంటే పదేళ్లు నిండినవారిని సాధారణంగా కలుపుకోము. వాడుకలో రెండూ చెల్లుతాయి గాని, ఇక్కడ ఆ తేడా విలువ 19 కుటుంబాలు. సంచిత పౌనఃపున్యం చివరి విలువను ఎప్పుడూ కలుపుకొనే చెబుతుంది కాబట్టి ‘నలుగురి వరకు’ అన్నా, ‘నలుగురికి మించకుండా’ అన్నా సందేహానికి తావుండదు.

మీ వాక్యాన్ని కొద్దిగా మార్చితే సరిపోయే సందర్భం ఒకటి ఉన్నది. నలుగురున్న కుటుంబాలలో ఎనిమిదింటిలో ఒక్కొక్క బిడ్డ పుట్టి, అవి ఐదుగురి వరుసలోకి జరిగాయనుకోండి. అప్పుడు సంచిత పౌనఃపున్యాలు 2, 8, 19, 30, 51, 57, 60. ముప్పయ్యవ కుటుంబంలో నలుగురు, ముప్పయ్యొకటవ దానిలో ఐదుగురు. రెండింటి సగటు 4.5 మధ్యగతం. ఇక్కడ మాత్రం సగం కుటుంబాలలో నలుగురి వరకు, తక్కిన సగంలో ఐదుగురు గాని అంతకు మించి గాని ఉన్నారని నిస్సంకోచంగా రాయవచ్చు. సంచిత పౌనఃపున్యం సరిగ్గా సగం దగ్గర ఆగిందంటే ఈ స్థితి వచ్చిందని గుర్తు. “సగాన్ని దాటిన మొదటి సంచిత పౌనఃపున్యాన్ని చూడు” అనే సూత్రాన్ని గుడ్డిగా పాటించినవారికి ఇక్కడ 5 వస్తుంది, “సగాన్ని చేరిన” అని చదువుకున్నవారికి 4 వస్తుంది. రెండు నడిమి స్థానాలను విడివిడిగా చూసుకుంటే ఈ తగాదా రాదు.

అటువంటి ఫలితాన్ని “నాలుగున్నర మంది” అని రాయనక్కరలేదు. ‘నలుగురు’ వంటి మనుష్యవాచక సంఖ్య భిన్నాన్ని ఒప్పదు. “కుటుంబ సభ్యుల సంఖ్యకు మధ్యగతం 4.5” అని విలువను అంకెలలో ఉంచి, పక్కనే పైన చెప్పిన సగం సగం వాక్యాన్ని చేర్చండి.