బర్రె పండ్ల ఫోటో చూసి వయసు చెప్పవచ్చా?

ప్రశ్న: సార్, మాది మర్రిగూడ దగ్గర ఊరు. ఒక గ్రేడెడ్ ముర్రా బర్రెను బేరం చేస్తున్నం. దళారి నాలుగు పండ్లదే, రెండో ఈత అంటున్నడు. మా ఊరి పెద్దమనిషి పండ్లు చూసి పదేండ్లు దాటిన ముసలిది, వద్దన్నడు. మూడు ఫోటోలు పంపుతున్న. దీని వయసెంత, కొనొచ్చా?

జవాబు: మీ మూడు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. ఈ బర్రెకు సుమారు 5 ఏండ్లు ఉంటాయి. ఒక ఆరు నెలలు అటూ ఇటూ కావచ్చు, అంతకు మించి తేడా ఉండదు. దళారి చెప్పిన నాలుగు పండ్ల మాట నిజం కాదు. మీ పెద్దమనిషి చెప్పిన పదేండ్లూ కాదు. అయితే ఆయన ఎందుకు అట్లా అనుకున్నాడో ఫోటోలోనే కనబడుతోంది, అది మీరు తెలుసుకోవాల్సిన సంగతి.

ముందు పండ్ల లెక్క చూద్దాం. ఆవుకైనా బర్రెకైనా పై దవడకు ముందు పండ్లు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది దవడకు మాత్రం ఎనిమిది ముందు పండ్లు, అంటే నాలుగు జతలు ఉంటాయి. దూడకు మొదట వచ్చేవి పాలపండ్లు. అవి చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నగా ఉంటాయి. వాటి స్థానంలో వచ్చే శాశ్వత పండ్లు దాదాపు రెండింతలు వెడల్పుగా, కొంచెం పసుపు ఛాయతో ఉంటాయి. పక్కపక్కన చూస్తే పోల్చుకోవడం కష్టం కాదు. అంగడిలో రెండు పండ్లు, నాలుగు పండ్లు అని లెక్కపెట్టేది ఈ శాశ్వత పండ్లనే.

బర్రెల్లో నడిమి జత రెండున్నర నుంచి మూడేండ్ల మధ్య వస్తుంది. రెండో జత సుమారు మూడున్నరకు, మూడో జత నాలుగు నుంచి నాలుగున్నర మధ్య, చివరి జత ఐదు నుంచి ఐదున్నర మధ్య వస్తాయి. ఆవుల్లో ఇవన్నీ ఆరు నెలల నుంచి ఏడాది ముందే వస్తాయి. అందుకే ఆవు లెక్కను బర్రెకు వేస్తే వయసు తక్కువగా తేలుతుంది.

ఇప్పుడు మీ ఫోటోల సంగతి. మొదటి ఫోటో ఎదురుగా తీశారు. అందులో నాలుగు వెడల్పు పండ్లు కనబడుతున్నాయి, మిగతావి పెదవి కింద దాగినయి. దళారి చూపిస్తున్నది ఇదే కావచ్చు. రెండో ఫోటోలో మీరు ఎడమ పెదవిని బొటనవేలితో కిందికి లాగి పట్టుకున్నారు, మంచి పని చేశారు. అందులో మూడో పండు కూడా పూర్తిగా వచ్చిన శాశ్వత పండే అని స్పష్టంగా తెలుస్తోంది. దాని పక్కన చివరి పండు చిగురులోంచి సగం పైకి లేచింది. దాని అంచు ఇంకా పదునుగా ఉంది, అరుగుదల ఏమీ లేదు. మూడో ఫోటో కుడి వైపు తీసింది. ఆ వైపు చివర ఒక చిన్న పాలపండు ఇంకా ఊడలేదు, కొంచెం పక్కకు ఒరిగి ఉంది. ఒక వైపు చివరి పండు లేస్తూ, రెండో వైపు దాని పాలపండు ఇంకా అంటుకుని ఉండడం ఆ వయసులో మామూలే. పాలపండు నోట్లో ఉన్న బర్రె పదేండ్లది కానే కాదు. ఆరేండ్లు కూడా దాటి ఉండదు.

మరి పెద్దమనిషికి ముసలిదని ఎందుకు అనిపించింది? నడిమి నాలుగు పండ్లు చూడండి. పొట్టిగా, పైన చదునుగా అరిగి, మట్టి రంగు గీతలతో ఉన్నాయి. మామూలుగా ఎనిమిది పండ్లూ వచ్చాక అరుగుదల నడిమి జత నుంచి మొదలై ఏడాదికో జత చొప్పున చివరికి పాకుతుంది. నడిమి జతే ఇంతగా అరిగి ఉంటే ఎనిమిది, తొమ్మిదేండ్లు దాటిందని అనుభవం ఉన్నవాళ్ళు అంచనా వేస్తారు. వేరే జిల్లాలో అయితే ఆయన మాట చాలావరకు నిజమయ్యేది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు మాత్రం ఈ లెక్క తప్పుతుంది. మన భూగర్భజలంలో ఉన్న ఫ్లోరైడ్ దీనికి కారణం.

దూడ పుట్టిన నాటి నుంచి రెండు మూడేండ్లపాటు శాశ్వత పండ్లు దవడ ఎముక లోపలే తయారవుతుంటాయి. ఆ సమయంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగితే పండు పైపొర గట్టిపడదు, సుద్ద మాదిరిగా మెత్తగా తయారవుతుంది. పండు బయటికి వచ్చాక దానికి మట్టి రంగో నల్ల రంగో మచ్చలు పడతాయి, అక్కడక్కడా గుంటలు పడతాయి, అది తొందరగా అరిగిపోతుంది. రెండేండ్లలో అరిగిన పండు ఆరేండ్లు అరిగినట్టు కనబడుతుంది. అందుకే మన దిక్కు పశువు వయసు చెప్పేటప్పుడు పండ్లు ఎన్ని వచ్చాయో ముందు లెక్కపెట్టాలి. అరుగుదలను ఎనిమిదీ నిండిన తర్వాతే చూడాలి, అప్పుడు కూడా రెండేండ్ల తేడా ఉంటుందనే చూడాలి.

ఇది ఫ్లోరైడ్ మచ్చేనా, మేత మరకా అనే అనుమానం మీకు రావచ్చు. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే మేత పాచి పోతుంది, ఫ్లోరైడ్ మచ్చ పోదు. పైగా ఫ్లోరైడ్ మచ్చ జతకు జతగా ఉంటుంది, కుడి నడిమి పండు మీద ఏ ఎత్తులో గీత ఉందో ఎడమ పండు మీద కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటుంది. రెండూ దవడలో ఒకేసారి తయారైనవి కదా. మీ ఫోటోలో సరిగ్గా అదే ఉంది. ఇంకొకటి కూడా గమనించాను. నడిమి రెండు జతలకే మచ్చలున్నాయి, మూడో జత దాదాపు శుభ్రంగా ఉంది, కొత్తగా లేస్తున్న చివరి పండు తెల్లగా ఉంది. నడిమి పండ్లు ముందు తయారవుతాయి, చివరివి ఆలస్యంగా తయారవుతాయి. అంటే ఈ బర్రె దుడ్డెగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్ళు తాగింది, తర్వాత ఊరు మారిందో, నీళ్ళు మారాయో అయి ఉండాలి. మొదటి యజమాని ఏ ఊరివాడో అడిగి చూడండి, సమాధానం దీనికి సరిపోవాలి.

దళారి మాటను ఫోటో లేకుండానే పరీక్షించవచ్చు. నాలుగు పండ్లంటే మూడున్నర నుంచి నాలుగేండ్ల బర్రె. మన దగ్గర బర్రె మొదటిసారి ఈనేది సాధారణంగా మూడున్నర, నాలుగేండ్లకు. ఆ తర్వాత బాగా మేపినా రెండో ఈతకు ఇంకో పద్నాలుగు, పదిహేను నెలలు పడుతుంది. అంటే రెండో ఈత బర్రె ఐదేండ్ల చుట్టూ ఉండాలి. నాలుగు పండ్లు, రెండో ఈత అనే రెండు మాటలు ఒకే బర్రెకు పొసగవు. ఇక్కడ రెండో ఈత నిజం కావచ్చు, నాలుగు పండ్లు మాత్రం కాదు. అంగడిలో ఎవరు ఏ మాట చెప్పినా వయసునూ ఈతనూ ఇట్లా పక్కపక్కన పెట్టి చూడండి, సగం అబద్ధాలు అక్కడే తేలిపోతాయి. కొమ్ముల మీది వలయాలు లెక్కపెట్టే పద్ధతిని ముర్రాకు నమ్మకండి. కొమ్ములు చుట్టుకుని ఉంటాయి, అమ్మేవాళ్ళు ఆకురాయితో గీకి నూనె రాస్తారు.

ఫోటోల్లో ఒక లోపం ఉంది. మూడింటిలోనూ నోరు మాత్రమే ఉంది. ఇవి ఇదే బర్రె పండ్లని నాకు తెలిసే దారి లేదు. రేపు బేరానికి పోయినప్పుడు మొహం, చెవికి ఉన్న పసుపు రంగు పోగు మీది 12 అంకెలు కనబడేట్టు ఒక ఫోటో తీయండి. ఆ నంబరుతో మీ మండల పశువైద్యశాలలో టీకాల వివరాలు చూపిస్తారు. కానీ అక్కడ రాసిన వయసు యజమాని చెప్పినదే అయి ఉంటుంది, దాన్ని పండ్లకు మించి నమ్మవద్దు.

పండ్ల ఫోటో మళ్ళీ తీస్తే పొద్దుటి వెలుతురులో తీయండి. ఫ్లాష్ వేస్తే తడి పండ్లు మెరిసి మచ్చ, అరుగుదల రెండూ కనబడవు. ఒకరు ముక్కుతాడు పట్టుకుని తల కదలకుండా ఆపాలి, ఇంకొకరు గుడ్డతో పండ్లు తుడిచి కింది పెదవిని కిందికి లాగాలి. ఫోను పండ్ల ఎత్తుకే ఉండాలి. ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, పై నుంచి కోసే అంచు కనబడేట్టు ఇంకొకటి చాలు. చొంగ విపరీతంగా కారుస్తూ, మింగలేక, మతి తప్పినట్టు ప్రవర్తించే పశువు నోట్లో మాత్రం చేయి పెట్టకండి. అది పిచ్చికుక్క కరిచిన పశువు కావచ్చు. వెంటనే డాక్టరును పిలవండి.

ఇక కొనొచ్చా అంటే, వయసు పరంగా అభ్యంతరం లేదు. ఐదేండ్ల బర్రెకు ఇంకా నాలుగైదు ఈతలు ముందున్నాయి. నా అనుమానమంతా దవడ పండ్ల మీదే. అవి ఫోటోలో రావు, వాటినీ ఫ్లోరైడ్ తినేసి ఉంటే మేత నమలలేదు, పాలు తగ్గుతాయి. డబ్బులు ఇవ్వకముందు మూడు సంగతులు చూడండి. దానికి వరిగడ్డి వేసి, నెమరు వేసేదాకా ఆగండి. సగం నమిలిన ముద్దలు నోట్లోంచి కింద పడుతున్నాయా, పేడలో పొడుగాటి గడ్డి పోచలు వస్తున్నాయా గమనించండి. తర్వాత చల్లని నీళ్ళు పెట్టండి. పండ్లు జివ్వుమంటే అది గడగడా తాగదు, నాలుకతో కొద్దికొద్దిగా నాకుతుంది. మూడోది, గట్టినేల మీద నడిపించండి. కుంటుతున్నా, పక్కటెముకల మీదో కాలి ఎముకల మీదో గట్టి బుడిపెలు చేతికి తగిలినా ఫ్లోరైడ్ ఎముకల దాకా పోయిందన్నట్టే, ఆ బర్రెను వదిలేయండి. ఈ మూడింటిలో ఏ లోపమూ లేకపోతే రెండు పూటలా మీ ఎదుట పాలు పిండించి చూసి, ఐదేండ్ల బర్రె ధరకు బేరం చేయండి. నాలుగు పండ్ల ధర ఇవ్వాల్సిన పని లేదు.

కొన్నాక దీనికి పుట్టే దుడ్డెకు మూడేండ్లు వచ్చేదాకా పొలం బోరు నీళ్ళు పెట్టవద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళో, వాననీళ్ళు నిండిన చెరువు నీళ్ళో పెట్టండి. బర్రె తాగే బోరు నీటిని ఒక సీసాలో పట్టి నల్లగొండలో నీటి పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ ఎంత ఉందో ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి. దాన్ని బట్టి పెద్ద బర్రెకు ఏ నీళ్ళు పెట్టాలో చెబుతాను.