ప్యాకెట్ మీద రెండూ గ్రాములే, మరి గోధుమ ప్రోటీన్‌కి మార్కులు ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34, బరువు 60 కిలోలు. శాకాహారిని. రోజుకి 50 గ్రాముల ప్రోటీన్ చాలని చదివి, లెక్కపెట్టుకుని తింటున్నాను. అందులో 40 గ్రాముల దాకా గోధుమ పిండి నుంచి, 10 గ్రాములు సోయా పిండి నుంచి వస్తుంది. మిగతా వాటి నుంచి వచ్చేది చాలా తక్కువ. జిమ్‌లో ట్రైనర్ మాత్రం ‘గోధుమ ప్రోటీన్ రెండు గ్రాములు తింటే సోయా ఒక గ్రాముతో సమానం, నీ లెక్క తప్పు’ అంటున్నాడు. ప్యాకెట్ మీద రెండింటికీ గ్రాములే రాసి ఉన్నాయి కదా! గ్రాముకీ గ్రాముకీ తేడా ఎలా వస్తుంది? నేను టెన్షన్ పడాలా?

సమాధానం: ముందు ఆ ప్యాకెట్ మీది అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ల్యాబ్‌లో సాధారణంగా ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. ఆహారంలో ఉన్న నైట్రోజన్‌ని కొలిచి, దాన్ని ఒక స్థిర సంఖ్యతో హెచ్చిస్తారు. చాలా వాటికి ఆ సంఖ్య 6.25, గోధుమ పిండికి 5.7 వాడతారు. అంటే ‘12 గ్రాములు’ అని ఉంటే, అంత ప్రోటీన్‌కి సరిపడా నైట్రోజన్ ఉందని అర్థం. ప్రోటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. ఆ నైట్రోజన్ ఏ అమైనో ఆమ్లాల్లో ఉందో, అందులో ఎంత ఒంటికి పడుతుందో ఆ అంకె చెప్పదు.

మీ ఒంటికి కావలసింది మాత్రం అమైనో ఆమ్లాలే. వాటిలో తొమ్మిదింటిని శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. ఒక కొత్త ప్రోటీన్ కట్టాలంటే అవన్నీ తగిన పాళ్లలో ఉండాలి. ఏ ఒక్కటి తక్కువైనా పని అక్కడితో ఆగుతుంది. వాడకుండా మిగిలిపోయిన అమైనో ఆమ్లాలను శరీరం దాచుకోదు. వాటి నైట్రోజన్‌ని కాలేయం యూరియాగా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. మిగిలిన భాగం శక్తి కోసం ఖర్చయిపోతుంది.

గోధుమలో ఇలా తక్కువయ్యేది లైసిన్. గోధుమ గింజ తన మొలక కోసం దాచుకునే ప్రోటీన్లలో ముఖ్యమైనవి గ్లయాడిన్, గ్లూటెనిన్. పిండికి సాగే గుణాన్ని ఇచ్చే గ్లూటెన్ ఈ రెండూ కలిసినదే. వీటి నిండా గ్లుటమిన్, ప్రోలిన్ ఉంటాయి, లైసిన్ బాగా తక్కువ. ముడి గోధుమ పిండిలో గ్రాము ప్రోటీన్‌కి సుమారు 27 మిల్లీగ్రాముల లైసిన్ ఉంటే, సోయాలో 63 దాకా ఉంటుంది. సోయాకీ ఒక లోటు ఉంది. గంధకం ఉన్న మిథియోనిన్, సిస్టీన్ అందులో అవసరానికి సరిగ్గా సరిపోయేటంతే, గ్రాముకి 26 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటాయి. గోధుమలో అవి ధారాళంగా ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మీ ట్రైనర్ మాట వెనక ఉన్నది ప్రోటీన్ నాణ్యతకి ఇచ్చే పీడీసీఏఏఎస్ అనే స్కోరు. 1989లో ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ, ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓల నిపుణుల సంఘం ఈ పద్ధతిని సూచించింది, నివేదిక 1991లో వచ్చింది. లెక్క కష్టమేమీ కాదు. గ్రాము ప్రోటీన్‌లో ఉన్న ఒక్కో అత్యవసర అమైనో ఆమ్లాన్ని, ఉండాల్సిన పరిమాణంతో భాగించాలి. అన్నింటికన్నా తక్కువ వచ్చిన నిష్పత్తిని తీసుకుని, దాన్ని జీర్ణమయ్యే శాతంతో హెచ్చించాలి. ఉండాల్సిన పరిమాణానికి కొలబద్దగా 2 నుంచి 5 ఏళ్ల పిల్లల అవసరాన్ని పెట్టారు. వాళ్లకి గ్రాము ప్రోటీన్‌లో లైసిన్ 58 మిల్లీగ్రాములు, గంధకం ఉన్న ఆ రెండూ కలిపి 25 మిల్లీగ్రాములు ఉండాలి.

గోధుమకి వేసి చూద్దాం. 27ని 58తో భాగిస్తే 0.47. ముడి గోధుమ ప్రోటీన్‌లో సుమారు 88 శాతం జీర్ణమవుతుంది అనుకుంటే స్కోరు 0.41. సోయాలో తక్కువ నిష్పత్తి గంధకం ఉన్న వాటిదే, 26ని 25తో భాగిస్తే 1.04. శుద్ధి చేసిన సోయా ప్రోటీన్ 95 శాతం జీర్ణమవుతుంది కాబట్టి స్కోరు 0.99. సోయా సరుకుని బట్టి ఇది 0.9కీ 1కీ మధ్య మారుతుంటుంది. గమనించండి, ఈ తేడాలో జీర్ణం కావడం వాటా చిన్నది, అసలు దెబ్బంతా లైసిన్‌దే. మైదాలో పీచు తక్కువ కాబట్టి ప్రోటీన్ ఇంకా బాగా జీర్ణమవుతుంది, 95 శాతం దాటుతుంది. కానీ లైసిన్ ఎక్కువగా ఉండే తవుడు, మొలక భాగం తీసేస్తారు కాబట్టి స్కోరు పెరగకపోగా తగ్గుతుంది. వట్టి గ్లూటెన్ పొడి పరిస్థితి మరీ ఘోరం. ప్యాకెట్ మీద నూటికి 75 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, స్కోరు మాత్రం 0.25. ‘హై ప్రోటీన్’ అని రాసిన బ్రెడ్ కొనేటప్పుడు వెనక పదార్థాల జాబితాలో గ్లూటెన్ ఎన్నో స్థానంలో ఉందో చూడండి.

అయితే ట్రైనర్ లెక్కలో రెండు సర్దుబాట్లు కావాలి. ఒకటి, మీరు మూడేళ్ల పిల్ల కాదు. ఎదిగే వయసులో లైసిన్ ఎక్కువ కావాలి, పెద్దవాళ్లకి అంత అక్కర్లేదు. 2007 నాటి డబ్ల్యూహెచ్‌ఓ నివేదిక ప్రకారం పెద్దవాళ్లకి గ్రాము ప్రోటీన్‌లో 45 మిల్లీగ్రాముల లైసిన్ ఉంటే చాలు. ఆ కొలతతో గోధుమ స్కోరు 0.53కి చేరుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. స్కోరు ఒక పదార్థానికి ఇచ్చే మార్కు. ఆ రోజుకి మీరు తినే ప్రోటీన్ అంతా అదొక్కటే అయితే ఏమవుతుందో అది చెబుతుంది. రెండు మూడు కలిపి తిన్నప్పుడు ‘ఇది రెండు గ్రాములు, అది ఒక గ్రాము’ అనే మారకం రేటు నిలవదు. అప్పుడు లైసిన్‌నే నేరుగా లెక్క కట్టాలి.

మీ లెక్క కట్టాను. అదే నివేదిక ప్రకారం పెద్దవాళ్లకి సగటున రోజుకి కిలో బరువుకి 30 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. మీకు 60 కిలోలకి 1800 మిల్లీగ్రాములు. గోధుమ 40 గ్రాముల ప్రోటీన్‌లో 1080 ఉంటే, అందులో జీర్ణమై అందేది 950. సోయా 10 గ్రాముల్లో 630, అందేది 600కి కాస్త తక్కువ. రెండూ కలిపితే 1550. అంటే 250 మిల్లీగ్రాములు తక్కువ. మీరు పెట్టుకున్న 50 గ్రాముల లక్ష్యం సరైనదే, కిలోకి 0.83 గ్రాములు అనే సూత్రం నుంచి వచ్చిందే. కానీ ఆ సూత్రం మంచి నాణ్యత ఉన్న ప్రోటీన్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్పినది. మీ అంకె కుదిరింది, లైసిన్ కుదరలేదు.

ఆ 250ని గోధుమతోనే పూడ్చాలంటే ఇంకో పది పదకొండు గ్రాముల గోధుమ ప్రోటీన్ కావాలి, అంటే దాదాపు 90 గ్రాముల పిండి. దాంతో పాటు 300 కేలరీలు కూడా వస్తాయి. సోయాతో అయితే నాలుగైదు గ్రాముల ప్రోటీన్ చాలు. నూనె తీసిన సోయా పిండిలో దాదాపు సగం ప్రోటీనే కాబట్టి పది గ్రాముల పిండితో పని జరిగిపోతుంది. మొత్తం 50 గ్రాములు దాటకూడదనుకుంటే గోధుమని 30కి తగ్గించి సోయాని 20కి పెంచండి. అప్పుడు అందే లైసిన్ 1900 మిల్లీగ్రాములు. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికి పనికొస్తుంది. గంధకం ఉన్న అమైనో ఆమ్లాల విషయంలో సోయా అంచు మీద ఉంటే, గోధుమ ఆ వైపు నిండుగా ఉంది. అందుకని గోధుమని పూర్తిగా మానేయాల్సిన పని లేదు. రెండూ ఒకే పూట తినాలన్న నియమం కూడా లేదు, ఒక రోజులో అందితే చాలు. సోయా ఇష్టం లేకపోతే పప్పుధాన్యాల్లో, పాలలో కూడా లైసిన్ బాగానే ఉంటుంది.

ఈ స్కోరుకి అందని సంగతి ఒకటుంది. జీర్ణమయ్యే శాతాన్ని ఎలుకల మీద కొలిచారు. తిన్న నైట్రోజన్ ఎంత, మలంలో పోయింది ఎంత అని చూశారు. కానీ పెద్దపేగులోని బ్యాక్టీరియా కొంత నైట్రోజన్‌ని వాడేసుకుంటుంది. అది ఒంటికి పట్టినట్టు లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే 2013లో ఎఫ్‌ఏఓ, చిన్నపేగు చివర ఒక్కో అమైనో ఆమ్లాన్ని విడిగా కొలిచే డీఐఏఏఎస్ పద్ధతిని సూచించింది. వేడి సంగతి కూడా ఇలాంటిదే. పిండిని ఎర్రగా కాల్చినప్పుడు కొంత లైసిన్ చక్కెరలతో కలిసిపోయి ఒంటికి పనికిరాకుండా పోతుంది, ప్యాకెట్ మీది ప్రోటీన్ అంకె మాత్రం మారదు. గోధుమకి అసలే తక్కువగా ఉన్నది అదే కాబట్టి నల్లగా మాడేదాకా కాల్చవద్దు. సోయాకి మాత్రం వేడి తప్పనిసరి. పచ్చి సోయాలో మన జీర్ణరసంలోని ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, బాగా ఉడికిస్తేనే అవి చాలా మటుకు పోతాయి. వేయించకుండా, ఆవిరి పట్టకుండా పట్టించిన పచ్చి పిండి అయితే దాన్ని ఉడికించకుండా ఏ డ్రింక్‌లోనూ కలుపుకోవద్దు.

‘నాకు లైసిన్ తక్కువైందని ఏ పరీక్షలో తెలుస్తుంది?’ అని మీరు అడగవచ్చు. మామూలు రక్త పరీక్షల్లో తెలియదు. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన తిండిలో ప్రోటీన్ సరిపోతోందని కాదు, అది తగ్గిందంటే ఎక్కువగా వేరే జబ్బే కారణం. అందుకే పరీక్షలకి పరిగెత్తకుండా పైన కట్టిన లెక్కనే నమ్మండి. 250 మిల్లీగ్రాముల లోటుకి రేపో మాపో ఏదో అయిపోదు. కాకపోతే బరువు తగ్గాలని తిండి తగ్గించేశారా అన్నది చూసుకోండి. శక్తి చాలనప్పుడు శరీరం ఉన్న ప్రోటీన్‌ని కూడా కాల్చేస్తుంది, అప్పుడు ఎంత మంచి స్కోరున్నా లాభం ఉండదు.

సోయా పెంచే ముందు రెండు విషయాలు. థైరాయిడ్‌కి లీవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటుంటే సోయా దాని శోషణని తగ్గించగలదు. మాత్రకీ సోయాకీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచి, సోయా పెంచిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పి ఒకటి రెండు నెలల్లో టీఎస్‌హెచ్ చూపించుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లయితే ప్రోటీన్ ఎంత తినాలన్నది ఈ లెక్కలతో తేల్చుకోకూడదు, వాళ్లని చూసే డాక్టరే చెప్పాలి.