సీమంతంలో నిద్ర జోకు బావ మీదే వెయ్యండి

ప్రశ్న: వచ్చే ఆదివారం విజయనగరంలో మా అక్క సీమంతం. అది అవ్వగానే పురిటికి పలాస, మా ఇంటికి తీసుకొచ్చేస్తాం. రాత్రి జాగారాల మీద నవ్వొచ్చేలా రెండు ముక్కలు మాట్లాడమంటున్నారు. అక్క ఇప్పటికే భయపడుతోంది. పెద్దవాళ్లు ఏమంటారోనని నాకూ బెరుగ్గా ఉంది. ఏం చెప్పను?

జవాబు: జోకు మీ బావగారి మీద వెయ్యండి. మరదలికి ఆ చనువు ఎలాగూ ఉంది. నెలలు నిండుతున్న మనిషికి ఒత్తిగిల్లడమే కష్టం, ఉన్న నిద్రే అంతంతమాత్రం. "ఇక నీ నిద్ర గోవిందా" అంటే ఆవిడకి గుండె జారుతుంది. పైగా పురుడయ్యాక అక్క మీ ఇంట్లో మేలుకుంటుంది, బావగారు విజయనగరంలో కాళ్లు బారజాపి పడుకుంటారు. నవ్వంతా అక్కడే ఉంది.

ముందు లెక్క తెలుసుకోండి. పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. కానీ పొట్ట చిన్నది, తల్లిపాలు తొందరగా అరిగిపోతాయి, అందుకే 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు కావాలి. రాత్రి 10 గంటలకు పాలు పట్టడం మొదలుపెడితే త్రేన్పు తెప్పించి, గుడ్డ మార్చి, జోకొట్టేసరికి 11 అవుతుంది. 12:30కి మళ్లీ ఆకలి. అంటే తల్లికి దక్కేది మహా అయితే గంటన్నర. రాత్రీ పగలూ తేడా బిడ్డకు తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

గాజులు తొడగడం, హారతి, పెద్దల అక్షింతలు అయ్యాక, భోజనాలకు లేచేముందు మాట్లాడండి. నిమిషం చాలు. శుభకార్యంలో ఏడుపు మాట ఎత్తకండి. ఆడపిల్లా, మగపిల్లాడా అన్న ఊసూ వద్దు. మీ యాసలోనే ఇలా అనొచ్చు:

"ఏటి బావా, పాపాయి రోజుకి 16 గంటలు నిద్దరోతాదట! మీకంటే కొంచెమే ఎక్కువ. కాకపోతే మీలాగ ఏకబిగిన కాదు, మధ్యమధ్యలో లేచి అందర్నీ పిలుస్తాది. మా ఇంట్లో అక్కకి మేమున్నాం. శనివారం రాత్రి మీరు పలాసలో బండి దిగీసరికి డ్యూటీ రెడీ. అక్క పాలిచ్చి మీ చేతికిస్తాది. భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి, గుడ్డ మార్చాలి, వెల్లకిలా పడుకోబెట్టాలి. జోలపాట ఇప్పట్నుంచే నేర్చుకోండి. అక్కా, ఆ రాత్రి పాలివ్వడం ఒక్కటే నీ పని, మిగతా అంతా బావది!"

అందరూ నవ్వుతుండగా బావగారి చేత "సరే" అనిపించండి. నలుగురిలో అన్నమాట కాబట్టి శనివారం అడగడానికి మీకూ మొహమాటం ఉండదు. అక్క నవ్వకుండా తల దించుకుంటే మాత్రం అక్కడితో ఆపి, చలిమిడి పంచండి.

ఒక సంగతి సీమంతంలో చెప్పేది కాదు, మీ మనసులో పెట్టుకోండి. పురుడయ్యాక మొదటి వారం రెండు వారాలు ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, లేదా బిడ్డ పడుకున్నా, మీరు చూసుకుంటామన్నా అక్కకి కన్ను మూతపడకపోతే, బాలింత నీరసమని సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి.